పెళ్లయిందని పేరు మారింది, పీఎఫ్ సొమ్ము ఆగిపోయింది

సంగారెడ్డి: పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఆరేళ్లు పనిచేసిన ఒక ఆడపడుచు తన పీఎఫ్ సొమ్ము కోసం ఏడాదిన్నరపాటు తిరిగింది. ఆమె తప్పు చేయలేదు, ఎవరినీ మోసం చేయలేదు. పెళ్లయ్యాక ఆధార్ కార్డులో ఇంటిపేరు మార్పించుకున్నది, అంతే. ఆ ఒక్క మార్పుతో ఫ్యాక్టరీ లెక్కల్లోని మనిషి వేరు, బ్యాంకు లెక్కల్లోని మనిషి వేరు అయిపోయింది.

పత్రికలో పేరు రాయవద్దని ఆమె కోరింది. ఇక్కడ ఆమెను లక్ష్మి అందాము. పుట్టింటి ఇంటిపేరు బోయిని అనీ, అత్తింటి ఇంటిపేరు గడ్డం అనీ అనుకుందాము. పేర్లు మార్చి రాసినా జరిగిన సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. మన గ్రామాలలో పెళ్లి చేసి పంపిన ప్రతి ఇంటికీ ఈ సంగతి ఎప్పుడో ఒకప్పుడు అవసరపడుతుంది.

లక్ష్మి పదో తరగతి పాసయి 2016లో ఫ్యాక్టరీ పనికి చేరింది. పదో తరగతి మెమోలోను, ఆధార్‌లోను, పాన్ కార్డులోను, పీఎఫ్ ఖాతాలోను ఒకటే పేరు ఉండేది: BOINI LAXMI. 2018లో పెళ్లయింది. అత్తగారింట రేషన్ కార్డులో చేరాలంటే ఆధార్‌లో ఇంటిపేరు మార్చాలని ఊళ్లో ఎవరో చెప్పారు. ఆమె భర్త గ్రామంలో ధ్రువీకరణ పత్రం రాయించి, ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్లి మార్పించాడు. కార్డు GADDAM LAXMI అని వచ్చింది. తరువాత బ్యాంకువారు కొత్త ఆధార్ అడిగారు. ఇచ్చింది. పాసుపుస్తకంలోనూ పేరు మారింది. పాన్ కార్డు, పీఎఫ్ ఖాతా మాత్రం పాత పేరుతోనే ఉండిపోయాయి. వాటి ఊసు ఎవరికీ తట్టలేదు.

రెండో కాన్పు తరువాత 2022లో పని మానేసింది. ఇల్లు కప్పు వేసుకోవడానికి పీఎఫ్ సొమ్ము కోసం దరఖాస్తు చేస్తే తిరస్కరించారు. ఆరా తీయగా అక్కడి గుమాస్తా చెప్పిన మాట ఇది: "అమ్మా, పైసలు బోయిని లక్ష్మివి. బ్యాంకు ఖాతా గడ్డం లక్ష్మిది. ఇద్దరూ ఒకరే అని మాకెట్ల తెలుస్తది?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒకరి సొమ్ము మరొకరికి పోకుండా ఉండాలంటే ఆ ప్రశ్న అడగవలసిందే. అయితే దానికి జవాబు చెప్పగల కాగితం లక్ష్మి చేతిలో ఒక్కటి కూడా లేదు. అసలు లోపం అక్కడ ఉన్నది.

చట్టం మార్చుకొమ్మనలేదు

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పెళ్లయిన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. పెట్టుకోవచ్చు, మానవచ్చు, అది ఆమె ఇష్టం. ఆచారం ప్రకారం ఊళ్లో ఆమెను గడ్డంవారి కోడలు అని పిలుస్తారు. శుభలేఖలో అట్లాగే అచ్చు వేస్తారు. అందులో తప్పు లేదు. పిలుపు మారినంత మాత్రాన కాగితం మారనక్కర లేదు.

రేషన్ కార్డు విషయంలోనూ అంతే. పెళ్లయిన ఆడపిల్ల పేరును పుట్టింటి కార్డులో నుంచి తీయించి అత్తింటి కార్డులో చేర్పించుకోవాలి. అక్కడ చూసేది ఆధార్ సంఖ్య. ఆ సంఖ్య పుట్టినింట ఉన్నా, మెట్టినింట ఉన్నా ఒకటే. అత్తగారి ఊరి చిరునామా కావాలంటే ఆధార్‌లో చిరునామా ఒక్కటే మార్పించుకుని, సంరక్షకుని స్థానంలో భర్త పేరు వేయించుకోవచ్చు. పేరు ముట్టుకోనక్కర లేదు. ఈ చిన్న సంగతి లక్ష్మికి ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం ఒక మనిషికి జీవితకాలంలో రెండుసార్లే. అక్షరదోషం దిద్దించుకున్నా అందులో ఒకటి పోయినట్టే. చిన్నప్పుడు తప్పు పడిన అక్షరానికి ఒకసారి, పెళ్లికి ఒకసారి వాడుకుంటే రెండూ అయిపోయాయి. తరువాత సంసారం నిలవక పుట్టింటి పేరుకు రావలసి వస్తే హైదరాబాదులోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయానికి ప్రత్యేకంగా విన్నవించుకోవలసిందే. ఏదో ఒక పథకం కోసం తొందరపడి ఆ అవకాశం ఖర్చు చేసుకోరాదు.

అందువల్ల నా అభిప్రాయం సూటిగా ఇది. పదో తరగతి చదివి, ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో పని చేస్తున్న ఆడపిల్లకు పెళ్లయితే, మెమోలో ఉన్న పేరునే అన్ని కాగితాలలోను ఉంచుకోవడం మంచిది. పదో తరగతి మెమోలోని పేరు ఆనాడు బడి రిజిస్టరులో ఉన్న పేరు. రిజిస్టరుకూ మెమోకూ తేడా వస్తే దిద్దుతారు గాని, పెళ్లయిందని మార్చరు. మారని కాగితం ఒకటి ఉన్నప్పుడు మిగతావి దానితో కలిసి నడవడమే క్షేమం.

వంతెన ఎక్కడ తెగింది?

అయినా మార్చుకోవాలనుకునేవారు ఉంటారు. వారి ఇష్టాన్ని కాదనలేము. అటువంటివారికి పెళ్లి ధ్రువపత్రం మొదటి కాగితం. పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి అని మన రాష్ట్రంలో 2002 నుంచి చట్టం ఉన్నది. పెళ్లయిన కొత్తలోనే గ్రామపంచాయతీలో నమోదు చేయించుకోవాలి. ఏళ్లు గడిచినవారు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. పెళ్లి ఫోటో, శుభలేఖ, ఇద్దరి వయసు రుజువులు, సాక్షులు కావాలి. పెళ్లి వల్ల ఇంటిపేరు మార్చుకునే ఆడవారికి ఆధార్‌కు, పాన్‌కు ఈ ధ్రువపత్రం చాలు. గెజిట్ వరకు పోనక్కర లేదు.

అయితే ఈ ధ్రువపత్రం ఎందుకు చెల్లుతున్నదో తెలుసుకోవాలి. దానిలో "బోయిని లక్ష్మి" అనే ఆమె "గడ్డం" ఇంటిపేరు గల ఫలానా వ్యక్తికి భార్య అని ఉంటుంది. పుట్టింటి పేరు, భర్త పేరు ఒకే కాగితం మీద కలుస్తాయి. వాగుకు ఇవతలి ఒడ్డు, అవతలి ఒడ్డు కలిపే వంతెన అది.

లక్ష్మి వ్యవహారంలో ఈ వంతెనే తెగింది. పీఎఫ్ ఆఫీసులో అడిగాక ఆమె పెళ్లి నమోదుకు పోయింది. అప్పటికే ఆధార్ మారిపోయి ఉన్నది. దరఖాస్తు రాసినతను ఆధార్ చూసి "గడ్డం లక్ష్మి" అని నింపాడు. ధ్రువపత్రం అట్లాగే వచ్చింది. గడ్డం లక్ష్మి, గడ్డంవారి అబ్బాయికి భార్య. బోయిని అన్న మాట అందులో ఎక్కడా లేదు. రెండు కొసలూ ఒకే ఒడ్డున ఉన్న వంతెన మీద వాగు ఎవరు దాటగలరు? పీఎఫ్ వారు ఆ కాగితం చూసి వెనక్కి ఇచ్చారు.

కాబట్టి వరుస ముఖ్యం. ముందు పెళ్లి ధ్రువపత్రం, అది కూడా పుట్టింటి పేరుతో. తరువాత ఆధార్. దరఖాస్తు నింపేటప్పుడు పదో తరగతి మెమో చేతిలో పెట్టుకుని, పెళ్లికి ముందరి పేరు అక్షరం పొల్లు పోకుండా రాయించుకోవాలి. ధ్రువపత్రం చేతికి రాగానే అక్కడే చదువుకోవాలి. పాత ఇంటిపేరు కనబడకపోతే బయటికి రాకముందే అడగాలి.

ప్రమాణపత్రం, ప్రకటన, గెజిట్

తెగిన వంతెనకు బదులు లక్ష్మికి ఇక మిగిలిన దారి గెజిట్. ఆ దారిలోనూ ఆమెకు మోసం ఎదురయింది. ఆఫీసుల దగ్గర తిరిగే ఒక మధ్యవర్తి ఆరు వేలు తీసుకున్నాడు. పది రోజులకు ఒక స్టాంపు కాగితం, ఒక పత్రికలో వచ్చిన చిన్న ప్రకటన ముక్క తెచ్చి ఇచ్చి "చెల్లే, నీ పేరు మార్పు అయిపోయింది, గెజిట్ ఇదే" అన్నాడు. అది గెజిట్ కాదు. గెజిట్‌కు పోవడానికి ముందు చేసే రెండు పనులు మాత్రమే అవి.

ఈ మూడింటి తేడా మన పాఠకులకు తెలియాలి.

మొదటిది ప్రమాణపత్రం. నా పాత పేరు ఇది, కొత్త పేరు ఇది, రెండు పేర్లూ నావే, కారణం ఇది అని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ ఎదుట సంతకం చేయాలి. ఇది మన మాట, మన సాక్ష్యం. నోటరీ తన రిజిస్టరులో వరుస సంఖ్య వేసి, ఆ సంఖ్యను, తేదీని కాగితం మీద రాసి ముద్ర వేస్తాడు. మనం ఎదుట లేకుండా, మన సంతకం పడకుండా వచ్చిన ప్రమాణపత్రం మీద నమ్మకం పెట్టుకోరాదు. లక్ష్మికి మధ్యవర్తి తెచ్చిన కాగితం మీద రిజిస్టరు సంఖ్య స్థలం ఖాళీగా ఉన్నది. ఆమె దానిని పారేసి కొత్తది చేయించుకోవలసి వచ్చింది.

రెండవది పత్రికా ప్రకటన. నలుగురికీ తెలియజేయడం దాని ఉద్దేశం. ఎవరికైనా బాకీ ఉన్నా, కోర్టు వ్యవహారం ఉన్నా, పేరు మార్చుకుని తప్పించుకుంటున్నాడన్న మాట రాకుండా ఉంటుంది. ప్రకటన పెద్దదిగా ఉండనక్కర లేదు. ఈ మాదిరిగా నాలుగు వాక్యాలు చాలు:

"బోయిని లక్ష్మి అను నేను, ఫలానా వారి భార్యను, ఫలానా గ్రామం, మండలం, సంగారెడ్డి జిల్లా నివాసిని. వివాహానంతరం నా పేరును గడ్డం లక్ష్మిగా మార్చుకున్నాను. ఫలానా తేదీన నోటరీ ఎదుట ప్రమాణపత్రం చేశాను. ఇకపై అన్ని వ్యవహారములలో నన్ను గడ్డం లక్ష్మి అను పేరుతో గుర్తించవలెను."

ఇందులో రెండు పేర్లనూ ఆంగ్ల అక్షరాలలో కూడా వేయించాలి. తెలుగులో లక్ష్మి ఒకటే. కంప్యూటరుకు LAXMI వేరు, LAKSHMI వేరు. మెమోలో ఏది ఉంటే పాత పేరుకు అదే రాయాలి. కొత్త పేరుకు ఇక మీదట ఏది వాడతామో అది రాయాలి. ప్రకటన పడిన రోజున ముక్క కత్తిరించి దాచుకోవడం చాలదు. పత్రిక పేరు, తేదీ కనబడేటట్టు పేజీ మొత్తం, వీలైతే పత్రిక మొత్తం రెండు ప్రతులు దాచాలి.

మూడవది గెజిట్. అది సర్కారు ప్రచురించే పత్రం. తెలంగాణ గెజిట్ హైదరాబాదు చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడుతుంది. కేంద్ర గెజిట్ కావలసినవారు ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల శాఖకు దరఖాస్తు పంపాలి. పేరు మార్పులు కేంద్ర గెజిట్‌లో నాలుగో భాగంలో వస్తాయి. నిర్ణీత నమూనాలో దరఖాస్తు, ప్రమాణపత్రం, పత్రికా ప్రకటన, గుర్తింపు కాగితాలు, ఫోటోలు, ఫీజు కట్టిన రసీదు జతచేయాలి. ఫీజు ఎప్పటికప్పుడు మారుతుంది గనుక కట్టే రోజున ఆ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి. మధ్యవర్తి చెప్పిన మొత్తాన్ని ఫీజు అనుకోరాదు.

నిజమైన గెజిట్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. దాని మీద గెజిట్ సంఖ్య, తేదీ, భాగం, పేజీ ఉంటాయి. లోపల మన పాత పేరు, కొత్త పేరు, చిరునామా అచ్చులో ఉంటాయి. కేంద్ర గెజిట్ అయితే egazette.gov.in లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. సంఖ్య, పేజీ చెప్పలేని గెజిట్‌కు డబ్బు ఇవ్వరాదు. అచ్చయిన పేజీలో ఒక్క అక్షరం తేడా ఉన్నా వెంటనే సవరణకు రాయాలి. ఆ తప్పు ఆ తరువాతి ప్రతి కాగితంలోకీ పాకుతుంది.

ఇక్కడ మరొక విషయం కూడా చెప్పాలి. గెజిట్‌లో వచ్చినంత మాత్రాన ఆ మాటలు నిజమని సర్కారు పూచీ పడినట్టు కాదు. కేంద్ర గెజిట్ నాలుగో భాగంలో ఆ మాట ముందే అచ్చువేస్తారు. ఈ ప్రకటనల బాధ్యత వాటిని ఇచ్చినవారిదే తప్ప ప్రచురణ కర్తలది కాదని దాని సారాంశం. ఇచ్చిన వివరాలు అబద్ధమైతే జవాబు చెప్పుకోవలసింది మనమే.

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మాజీ మంత్రి ముద్రగడ పద్మనాభం తన పేరును పద్మనాభరెడ్డిగా మార్చుకోగా అది గెజిట్‌లో వచ్చింది. ఎన్నికల సవాలు మాట నిలబెట్టుకోవడానికి ఆయన చేసిన పని అది. పత్రికలన్నీ రాశాయి. దానిని చూసి మన ప్రాంతంలో కొందరు, పేరు చివర ఒక మాట తగిలిస్తే కులం కూడా మారుతుందా అని అడిగారు. మారదు. గెజిట్ మార్చేది పిలిచే పేరును మాత్రమే. కుల ధ్రువపత్రం పుట్టుకను బట్టి ఇచ్చేది. పెళ్లితోనూ అది మారదు, ఇంటిపేరుతోనూ మారదు.

పెంటయ్య పేరు మార్చుకుంటే

పెళ్లి సంగతి కాక, ఇష్టంతో పేరు మార్చుకునేవారికి మాత్రం గెజిట్ తప్పదు. మన మెతుకుసీమలో పుట్టిన పిల్లలు దక్కకపోతే, తరువాత పుట్టిన బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తీసుకుని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టే ఆచారం ఉండేది. ఆ పేరు వెనుక తల్లి కడుపుకోత ఉన్నది. కాని పట్నంలో కాలేజీకి పోయిన కుర్రవాడిని తోటివారు నవ్వితే, వాడు ఆ పేరు వద్దనుకోవడంలో తప్పు లేదు. అతనికి పెళ్లి ధ్రువపత్రం వంటి దగ్గర దారి లేదు. ప్రమాణపత్రం, ప్రకటన, గెజిట్ మూడూ కావాలి. ఆధార్‌లో పేరు పూర్తిగా మార్చాలన్నా, పాన్‌లో మార్చాలన్నా గెజిట్ అడుగుతారు.

చదువు కాగితాల విషయంలో 2021 జూన్ 3న సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ బోర్డుకు సంబంధించిన జిగ్యా యాదవ్ కేసులో తీర్పు చెప్పింది. పేరు మనిషి భావప్రకటన హక్కులో భాగమని అన్నది. గెజిట్ వంటి పత్రాలు చూపి, పద్ధతి ప్రకారం అడిగినవారికి మార్పును నమోదు చేయాలని చెప్పింది. అయితే పాత పేరును తుడిచేయమని అనలేదు. కొత్త ధ్రువపత్రంలో పాత పేరు కూడా తెలిసేటట్టు ఉంచవచ్చునన్నది. అది ఒక కేంద్ర బోర్డు నిబంధనల మీద వచ్చిన తీర్పు. మన జిల్లా బడులలో చదివినవారికి అది చేతికి కొత్త మెమో తెచ్చిపెట్టదు. వారు పాత మెమోకు గెజిట్ ప్రతి జతపరచి చూపడమే ఆచరణలో ఉన్న దారి.

మన జిల్లా సంగతే చూడండి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అంతకుముందు రాసిన భూమి దస్తావేజులన్నిటిలో మెదక్ జిల్లా అనే ఉన్నది. ఎవరూ వాటిని తిరిగి రాయించుకోలేదు. జిల్లా మారిందని సర్కారు ఉత్తర్వు ఉన్నది, అదే రెంటికీ లంకె. పాత దస్తావేజు చెల్లుతూనే ఉన్నది. మనిషి పేరుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. గెజిట్ పాత కాగితాలను మార్చదు. పాత కాగితానికీ కొత్త కాగితానికీ మధ్య నిలబడి ఇద్దరూ ఒకరే అని చెబుతుంది. అందుకే గెజిట్ వచ్చింది గదా అని పాత మెమోను, పాత పాన్ కార్డు నకలును, పాత ఉద్యోగపు కాగితాలను పారేసేవాడు వంతెన కట్టి ఒక ఒడ్డును తవ్వేసుకున్నట్టే.

పీఎఫ్ దగ్గర ఏమయింది?

లక్ష్మి తన గెజిట్ వచ్చాక ముందు పాన్ మార్పించుకున్నది. ఆధార్, బ్యాంకు అప్పటికే కొత్త పేరుతో ఉన్నాయి. చివరిగా పీఎఫ్. ఇక్కడ ఒక తేదీ కార్మికులందరూ గుర్తుపెట్టుకోవాలి. 2025 జనవరిలో పీఎఫ్ సంస్థ నిబంధనలు సడలించింది. 2017 అక్టోబరు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని యూఏఎన్ సంఖ్య పొంది, అది ఆధార్‌తో సరిపోల్చబడి ఉంటే, పేరు వంటి వివరాలను కార్మికుడు తానే కంప్యూటరులో సవరించుకోవచ్చు. యజమాని ఆమోదం అక్కరలేదు. అంతకుముందు సంఖ్య పొందినవారికి యజమాని సంతకం కావలసి ఉంటుంది. లక్ష్మి సంఖ్య 2016 నాటిది. ఆమె దరఖాస్తు పెట్టింది కూడా ఈ సడలింపు రాకముందే.

యజమాని, కార్మికుడు కలిసి ఇచ్చే ఆ దరఖాస్తును ఉమ్మడి ప్రకటన అంటారు. ఆమె పనిచేసిన ఫ్యాక్టరీ ఈలోగా చేతులు మారింది. పాత రిజిస్టర్లు తమ వద్ద లేవని కొత్తవారు మొదట అన్నారు. ఆమె దగ్గర పాత హాజరు కార్డు, రెండు జీతపు చీటీలు, పాత ఈఎస్‌ఐ కార్డు ఉన్నాయి. వాటి మీద బోయిని లక్ష్మి అని, అదే ఫోటోతో ఉన్నది. వాటికి గెజిట్ ప్రతి జోడించి రాతపూర్వకంగా అడిగితే చివరకు సంతకం చేశారు. పటాన్‌చెరులోని పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయంలో పేరు సరిచేశారు. ఆ తరువాత మూడు వారాలకు సొమ్ము బ్యాంకులో పడింది. అరవై రెండు వేలు. ఈ ఏడాదిన్నరలో ఆమె తిరుగుళ్లకు, మధ్యవర్తికి, కాగితాలకు, పోయిన కూలికి కలిపి పదిహేను వేల పైచిలుకు ఖర్చయింది.

ఆమెను కాపాడింది గెజిట్ ఒక్కటే కాదు. అటక మీద పాత సంచిలో దాచిన ఆ జీతపు చీటీలు కూడా. వాటిని ఆమె అత్త చిత్తుకాగితాలలో వేయబోతే, "ఉండనీయత్తా, నా కష్టం గదా" అని దాచుకున్నదట.

ఏం చేయాలి?

ఇప్పుడు పనిలో ఉన్న ఆడపడుచులు ఈ వారంలో చేయగల పని ఒకటి ఉన్నది. పదో తరగతి మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, పీఎఫ్ చీటీ ఐదూ ఒక చాప మీద పరచి చూసుకోండి. పేరు ఐదింటిలోనూ ఒకటే ఉంటే దేనినీ కదపకండి. ఆధార్ ఒక్కటే మారి ఉంటే, పని మానేసేదాకా ఆగకుండా, ఫ్యాక్టరీ నడుస్తుండగానే, సంతకం చేసే యజమాని ఎదుట ఉండగానే పీఎఫ్‌లో సరిచేయించుకోండి. అదే సమయంలో నామినీ పేరు కూడా చూసుకోండి. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లి తరువాత మళ్లీ రాయవలసి ఉంటుంది. ఇంటిపేరుకు బదులు ఒక్క పొడి అక్షరం ఉంటే అది పెద్ద మార్పు కాదు గాని, దానిని పూర్తిగా విప్పి రాయించుకోవడం మంచిది.

అధికారులకు కూడా ఒక విన్నపం. ఆధార్ కేంద్రంలో ఇంటిపేరు మార్చేటప్పుడు "అమ్మా, పీఎఫ్ ఉందా, పాన్ ఉందా, పెళ్లి కాగితం ఏ పేరుతో ఉంది?" అన్న మూడు ప్రశ్నలు అడిగితే ఎంతో మేలు. పెళ్లి నమోదు దరఖాస్తులో వధువు పేరును మెమో ప్రకారం, పెళ్లికి ముందరి పేరుతో రాయాలని పంచాయతీ కార్యదర్శులకు, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల వారికి జిల్లా యంత్రాంగం స్పష్టంగా తెలియజేయవలసి ఉన్నది. గెజిట్‌కు కావలసిన కాగితాల జాబితా, ఆనాటి ఫీజు పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో అతికిస్తే మధ్యవర్తుల ఆట కట్టవుతుంది. ఫ్యాక్టరీ యాజమాన్యాలు కూడా, పెళ్లయిన కార్మికురాలు పేరు మార్పు తెలియజేసిన నెలలోనే ఉమ్మడి ప్రకటన పంపాలి. చేతులు మారిన, మూతపడిన ఫ్యాక్టరీల పాత రిజిస్టర్లు ఎవరి వద్ద ఉన్నాయో తెలిసే ఏర్పాటు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వాడలలో వెంటనే జరగాలి.

గత నెల లక్ష్మి ఇంటికి పోతే కప్పు పని సాగుతున్నది. తన చెల్లెలికి సంబంధం కుదిరిందని చెప్పింది. ఆ పిల్ల కూడా ఫ్యాక్టరీలోనే పని చేస్తున్నదట. "దాని ఆధార్ ముట్టుకోవద్దని పెళ్లివారికి ముందే చెప్పినం అన్నా, కట్నకానుకల మాటతోటే ఆ మాట గూడ అయిపోయింది" అన్నది.